పాలబిల్లులో మాయమైన పూట

సాయంత్రం ఆరు దాటితే పాలకేంద్రం ముందు క్యాన్లూ బిందెలూ వరుస కడతాయి. రైతు తెచ్చిన పాలను తూకం వేస్తారు. చిన్న కప్పులో నమూనా తీసి మిషన్ కింద పెడితే కాసేపట్లో తెర మీద వెన్న శాతం పడుతుంది. రైతు కోడ్, తూకం, వెన్న, ఎస్‌ఎన్‌ఎఫ్, డబ్బు అచ్చయిన చీటీ ఒకటి చేతికొస్తుంది. దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని రైతు ఇంటిదారి పడతాడు. అదే సమాచారం కేంద్రంలోని కంప్యూటర్ నుంచి డెయిరీ ఆఫీసుకు వెళ్తుంది. రాత్రి పదకొండు గంటలకో, పన్నెండుకో అన్ని ఊళ్ల లెక్కలూ కలిసి ఒక పెద్ద డేటాబేస్‌లోకి ఎక్కుతాయి. ఇలా ఎక్కించడాన్నే ఆ పని చేసేవాళ్లు లోడ్ అంటారు.

పదిహేను రోజులకోసారి ఆ డేటాబేస్‌లోంచే పాలబిల్లు తయారవుతుందనుకుందాం. రోజుకు రెండు పూటల చొప్పున 30 పూటల లెక్క. అందులో ఒక పూట మాయమైతే ఏమవుతుంది? కంప్యూటర్ ఆగిపోదు, తెర మీద ఎర్ర అక్షరాలేవీ పడవు. 29 పూటల డబ్బు రైతు ఖాతాలో జమ అవుతుంది, అంతే. చీటీలన్నీ దాచిపెట్టి కూడుకునే రైతుకు తప్ప ఆ సంగతి ఎవరికీ తెలియదు.

పూట మాయం కావడానికి కారణం దొంగతనమే కానక్కర్లేదు. ఒక గడి ఖాళీగా ఉండిపోవడం, ఒక అంకెలో చుక్క జారిపోవడం, ఒక రైతు కోడ్ అసలు జాబితాలో దొరకకపోవడం, ఈ మూడింటిలో ఏదైనా చాలు. లోడ్ పూర్తయిన వెంటనే నాలుగైదు చిన్న ప్రశ్నలు అడిగితే ఈ మూడూ ఆ రాత్రే దొరికిపోతాయి. ఆ ప్రశ్నలనే డేటా క్వాలిటీ చెక్‌లంటారు. రాయడం కష్టమేమీ కాదు. కానీ తప్పుగా రాస్తే మాత్రం తప్పులున్న రోజు కూడా ‘అంతా బాగుంది’ అనే చెబుతాయి. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే.

ముందు ఖాళీ గడి సంగతి చూద్దాం. డేటాబేస్ భాషలో దీని పేరు నల్. నల్ అంటే సున్నా కాదు. సున్నా అంటే కొలిచాక ఏమీ లేదని తేలడం, నల్ అంటే విలువ ఎంతో తెలియకపోవడం. మిషన్‌కూ కంప్యూటర్‌కూ మధ్య తీగ ఊడితే వెన్న శాతం కంప్యూటర్‌కు చేరదు. కేంద్రంలో పనిచేసే మనిషి చీటీ మీద చేత్తో రాసిస్తాడు, కంప్యూటర్‌లో ఆ గడి ఖాళీగా మిగులుతుంది. లేదంటే కేంద్రం పంపిన ఫైల్లో 6.5 ఉండాల్సిన చోట రెండు అడ్డగీతలు ఉంటాయి. అవి అంకెలు కావు గనుక, లోడ్ చేసే ప్రోగ్రాం వాటిని వదిలేసి అక్కడ నల్ పెట్టి ముందుకు పోతుంది.

లెక్కలోకి వెళితే దీని ప్రభావం స్పష్టంగా కనిపిస్తుంది. కిలో వెన్నకు 800 రూపాయల రేటు అనుకుందాం. 5 కిలోల గేదె పాలు, వెన్న 6.5 శాతం. అంటే 325 గ్రాముల వెన్న, 260 రూపాయలు. వెన్న శాతం నల్ అయితే, తెలియని అంకెతో దేన్ని గుణించినా జవాబు తెలియదనే వస్తుంది కాబట్టి ఆ పూట డబ్బు కూడా నల్ అవుతుంది. తర్వాత 30 పూటలు కూడేటప్పుడు SQL భాషలోని SUM నల్‌లను పక్కన పెట్టి మిగిలిన 29 కూడుతుంది. అలా కూడమనే దాని నిబంధన. సగటు తీసే AVG కూడా అంతే, 29 పూటల మొత్తాన్ని 29తోనే భాగిస్తుంది. అందుకే రైతు సగటు వెన్న శాతం చూసినా ఏ తేడా కనిపించదు. 260 రూపాయలు మాత్రం పోయాయి.

దీన్ని పట్టుకునే చెక్ ఒక్క వాక్యం. ఆ రాత్రి లోడ్‌కు ఇచ్చిన నంబరు 4182 అనుకుంటే:

```sql
SELECT COUNT(*) AS null_rows
FROM milk_collection
WHERE load_id = 4182
  AND (fat_pct IS NULL OR qty_kg IS NULL
       OR farmer_code IS NULL);
```

జవాబు సున్నా రావాలి. ఇక్కడ `IS NULL` బదులు `= NULL` అని రాయడం కొత్తవాళ్లు తరచూ చేసే పొరపాటు. తెలియని విలువ ఇంకో తెలియని విలువతో సమానమా అని అడిగితే, డేటాబేస్ అవుననీ కాదనీ చెప్పదు, తెలియదంటుంది. తెలియదన్న వరుసలు ఫలితంలోకి రావు. అప్పుడు నల్‌లు ఎన్నున్నా చెక్ రోజూ సున్నానే చూపిస్తుంది.

ఏ కాలమ్‌లో నల్ తప్పో, ఏ కాలమ్‌లో కాదో ముందే తేల్చుకోవాలి. వెన్న శాతం ఖాళీగా ఉండకూడదు. రైతు రెండో ఫోన్ నంబరు ఖాళీగా ఉంటే నష్టమేమీ లేదు. ఈ తేడా చూడకుండా అన్ని కాలమ్‌లకూ ఒకే చెక్ తగిలిస్తే, రోజూ వేల ఖాళీలు బయటపడి అసలైనవి వాటి మధ్య కనబడకుండా పోతాయి. ఇంకో సంగతి కూడా ఉంది. కంప్యూటర్ ఖాళీ వదలనివ్వకపోతే మనుషులు 0 అనో, 99 అనో కొట్టి ముందుకెళ్తారు. అవి వేషం మార్చిన నల్‌లు. వాటిని ఖాళీల చెక్ పట్టలేదు, రెండో చెక్ పట్టాలి.

రెండోది హద్దుల చెక్. గేదె పాలలో వెన్న సాధారణంగా 6 నుంచి 8 శాతం దాకా ఉంటుంది, ఆవు పాలలో 3 నుంచి 5 దాకా. చేత్తో కొట్టేటప్పుడు చుక్క జారితే 6.5 కాస్తా 65 అవుతుంది. పై రేటు ప్రకారమే ఆ పూట డబ్బు 260 కాకుండా 2,600 రూపాయలు. పాలలో 65 శాతం వెన్న ఉండదని ఊళ్లో చిన్నపిల్లలకూ తెలుసు. డేటాబేస్‌కు మాత్రం ఎవరో ఒకరు చెప్పాలి.

హద్దు ఎక్కడ గీయాలన్నది నిజంగా ఆలోచించాల్సిన విషయం. సాధారణంగా 6 నుంచి 8 ఉంటుంది కదా అని అక్కడే గీత గీస్తే రోజూ మంచి పాలే తప్పుగా తేలతాయి. పాలు తగ్గే దశలో ఉన్న గేదె పాలు చిక్కబడతాయి, వెన్న పదికి దగ్గరపడొచ్చు. కాబట్టి రెండు గీతలు గీయడం మేలు. పాలలో ఉండనే ఉండదనుకునే విలువకు ఒకటి, అరుదైనా ఉండొచ్చనుకునే విలువకు ఇంకొకటి. గేదె పాలకు 3 కన్నా తక్కువ, 12 కన్నా ఎక్కువ వస్తే బిల్లులోకి వెళ్లకుండా ఆపాలి. 10 దాటితే ఆపక్కర్లేదు, ఒకసారి చూడమని చెబితే చాలు. ఈ అంకెలు పుస్తకంలోంచి తీసుకోకుండా, ఆ డెయిరీ తన గత ఏడాది లెక్కలు ముందు పెట్టుకుని తేల్చుకోవాలి. ఆవుకూ గేదెకూ వేర్వేరు హద్దులుండాలి.

ఇప్పుడు అసలు చిక్కు చూడండి.

```sql
SELECT COUNT(*) AS bad_fat
FROM milk_collection
WHERE load_id = 4182
  AND milk_type = 'BUFFALO'
  AND fat_pct NOT BETWEEN 3 AND 12;
```

చదివితే ఏ లోపమూ కనిపించదు. కానీ వెన్న శాతం నల్‌గా ఉన్న వరుస ఇందులో పడదు. తెలియని అంకె 3కూ 12కూ మధ్య ఉందా లేదా అంటే జవాబు తెలియదనే. milk_type నల్ అయినా అంతే, ఆ వరుస ఆవు చెక్‌లోనూ రాదు, గేదె చెక్‌లోనూ రాదు. హద్దుల చెక్ ఒక్కటి రాసుకుని ధీమాగా ఉండే చోట ఖాళీలన్నీ దర్జాగా దాటిపోతాయి. అందుకే ఖాళీల చెక్ ముందు, హద్దుల చెక్ తర్వాత. హద్దు పెట్టిన ప్రతి కాలమ్‌కూ, హద్దు నిర్ణయించే ప్రతి కాలమ్‌కూ ఖాళీల చెక్ ఉండి తీరాలి.

హద్దుల చెక్ చేయలేనిది కూడా ఒకటుంది. 6.5ను 5.6 అని కొడితే అది హద్దులోనే ఉంటుంది, ఈ చెక్ దాన్ని పట్టదు. ఒక ఊరి రైతులందరికీ వరుసగా 6.0 పడినా ఏ ఒక్క వరుసా హద్దు దాటదు. అయితే నలభైమంది గేదెలు ఒకే పూట ఒకే వెన్న ఇవ్వవు. మిషన్ చెడిపోయి అంచనాగా కొడుతున్నారని అర్థం. కేంద్రానికి, పూటకు ఎన్ని వేర్వేరు వెన్న శాతాలు వచ్చాయో లెక్కపెట్టే ఇంకో చిన్న చెక్ ఉంటే ఇది బయటపడుతుంది.

మూడోది అనాథ కోడ్. ఐబీఎంలో పనిచేసిన ఎడ్గర్ కాడ్ 1970లో ప్రచురించిన వ్యాసంతో సమాచారాన్ని పట్టికలుగా విడగొట్టి దాచే పద్ధతి మొదలైంది. పాల లెక్కలు ఒక పట్టికలో, రైతు పేరు, బ్యాంకు ఖాతా ఇంకో పట్టికలో ఉంటాయి. రెండింటినీ కలిపేది రైతు కోడ్. పాల పట్టికలో ఉన్న కోడ్ రైతుల పట్టికలో లేకపోతే ఆ వరుస అనాథ. పాలు పోశారు, ఎవరు పోశారో తెలియదు, డబ్బు ఎవరి ఖాతాలో వేయాలో తెలియదు.

మూడింటిలోకీ ఎక్కువ నష్టం చేసేది ఇదేనని చెప్పాలి. ఖాళీ గడి వల్ల ఒక పూట పోతే, అనాథ కోడ్ వల్ల రైతు బిల్లు మొత్తమే పోతుంది. బిల్లు తయారుచేసే క్వెరీ రెండు పట్టికలనూ మామూలు జాయిన్‌తో కలిపితే, జత దొరకని వరుసలన్నీ చప్పుడు లేకుండా రాలిపోతాయి. బిల్లుల జాబితాలో ఆ రైతు పేరే ఉండదు. లేని పేరును జాబితాలో చూసి పట్టుకోవడం ఎవరి తరమూ కాదు.

అనాథలు ఎక్కడి నుంచి వస్తాయి? కొత్త రైతు సోమవారం పాలు పోయడం మొదలుపెడతాడు, అతని వివరాల ఫైలు వారానికోసారి శనివారం వస్తుంది. ఆ అయిదు రోజులూ అతను అనాథే, శనివారానికి తనంతట తానే సర్దుకుంటుంది. ఇది మామూలు ఆలస్యం. రెండో కారణం ఎక్సెల్. 0417 అనే కోడ్ ఉన్న ఫైలును ఎవరో ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేస్తే ముందున్న సున్నా ఎగిరిపోయి 417 అవుతుంది. కంప్యూటర్‌కు ‘0417’, ‘417’ వేర్వేరు. ఒక ఊరి రైతులంతా ఒకే రాత్రి అనాథలైతే ముందు అనుమానించాల్సింది దీన్నే. కోడ్ చివర కంటికి కనిపించని ఖాళీ అక్షరం చేరినా ఇదే జరుగుతుంది.

డేటాబేస్‌కు ఫారిన్ కీ నియమం పెడితే అనాథలు లోపలికే రావు కదా అని కొందరు అడుగుతారు. రోజువారీ లావాదేవీల డేటాబేస్‌లలో అది నిజమే. కానీ పెద్ద లెక్కల విశ్లేషణకు వాడే రెడ్‌షిఫ్ట్, బిగ్‌క్వెరీ, స్నోఫ్లేక్‌లోని మామూలు టేబుళ్లు ఆ నియమాన్ని రాసి పెట్టుకుంటాయే గానీ అమలు చేయవు. నియమం కళ్లెదుట కనిపిస్తూనే ఉంటుంది, అనాథలు లోపలికి వస్తూనే ఉంటాయి. చెక్ మనమే రాసుకోవాలి.

```sql
SELECT m.centre_id, m.farmer_code, COUNT(*) AS n
FROM milk_collection m
LEFT JOIN farmer_master f
  ON f.centre_id = m.centre_id
 AND f.farmer_code = m.farmer_code
WHERE m.load_id = 4182
  AND f.farmer_code IS NULL
GROUP BY m.centre_id, m.farmer_code;
```

కేంద్రం, కోడ్ రెండూ కలిపి చూస్తున్నది ఊరికే కాదు. 17 నంబరు రైతు ప్రతి ఊళ్లోనూ ఉంటాడు. ఒక్క కోడ్‌నే చూస్తే పక్క ఊరి 17 దొరికి, అనాథ కాస్తా అనాథ కానట్టు తేలుతుంది. డబ్బు పక్క ఊరికి పోయే ప్రమాదం కూడా ఉంది.

ఇదే చెక్‌ను చాలామంది `NOT IN` తో రాస్తారు: రైతుల పట్టికలోని కోడ్‌ల జాబితాలో లేనివి చూపించు అని. చదవడానికి ఇదే తేలిక. కానీ రైతుల పట్టికలో ఒక్క వరుసలో కోడ్ నల్‌గా ఉన్నా, ఆ చెక్ ఇక ఎప్పుడూ ఏ అనాథనూ చూపించదు. జాబితాలో ఒక పేరు తెలియనప్పుడు ఫలానా పేరు ఈ జాబితాలో లేదని ఖాయంగా చెప్పలేం కదా, డేటాబేస్ వాదన అదే. వెయ్యి అనాథలున్నా జవాబు సున్నా. నల్ ఇక్కడ కూడా అడ్డుపడింది. అందుకే `LEFT JOIN` గానీ, `NOT EXISTS` గానీ వాడాలి.

ఈ మూడు చెక్‌లకూ ముందు ఇంకో ప్రశ్న ఉంది: అసలు వరుసలు వచ్చాయా? ఆ రాత్రి లోడ్ ఖాళీగా నడిస్తే నల్‌లు సున్నా, హద్దు దాటినవి సున్నా, అనాథలు సున్నా. మూడు చెక్‌లూ పాసైనట్టే. 2020 అక్టోబర్‌లో ఇంగ్లండ్ ప్రజారోగ్య సంస్థ కొవిడ్ లెక్కల్లో జరిగింది ఇలాంటిదే. సెప్టెంబర్ 25 నుంచి అక్టోబర్ 2 వరకు 15,841 కేసులు రోజువారీ లెక్కలోకి రాలేదు. పాత ఎక్సెల్ ఫైల్లో 65,536 వరుసలకు మించి పట్టవని, మిగిలినవి అక్కడే తెగిపోయాయని అప్పట్లో వార్తలొచ్చాయి. లోపలికి వచ్చిన వరుసలు ఎంత సరిగ్గా ఉన్నా, రానివాటి గురించి అవి ఏమీ చెప్పలేవు. డెయిరీలో దీనికి మంచి ఆధారం ఒకటుంది. ట్యాంకర్ శీతలీకరణ కేంద్రంలో తూగిన బరువు. ఆ రూట్‌లోని ఊళ్ల పాలన్నీ కూడితే దానికి దగ్గరగా రావాలి. ఎన్ని కేంద్రాలు రెండు పూటలూ లెక్కలు పంపాయో చూసుకుని, ట్యాంకర్ బరువుతో సరిపోల్చుకున్నాకే మిగతా మూడు చెక్‌లకు అర్థం.

సరే, తప్పులు దొరికాయి. తర్వాత ఏం చేయాలి? ఒక్క వరుస కోసం మొత్తం లోడ్ ఆపేస్తే వేలమంది బిల్లు ఆగుతుంది. తప్పు వరుసను చెరిపేస్తే ఆ రైతు నష్టపోతాడు. 6.5 అయి ఉంటుందిలే అని మనమే దిద్దితే అది లెక్క కాదు, ఊహ. సరైన పద్ధతి వేరే పట్టిక పెట్టుకోవడం. తప్పు తేలిన వరుసను ఉన్నదున్నట్టుగా అందులోకి తీసి, ఏ చెక్‌లో పడింది, ఏ లోడ్‌లో వచ్చింది, ఎప్పుడు దిద్దారు అన్నవి పక్కన రాయాలి. మిగతా వరుసలు ముందుకు పోతాయి. తేడా వరుసలు ఒకటీ అరా కాకుండా లోడ్‌లో చెప్పుకోదగ్గ భాగం ఉంటే మాత్రం లోడ్ మొత్తం ఆపాలి. అది ఒక కేంద్రంలో జరిగిన పొరపాటు కాదు, ఫైలే చెడిపోయింది.

చెరపకూడదని ఇంత గట్టిగా చెప్పడానికి ఓజోన్ కథే కారణం. నాసా నింబస్-7 ఉపగ్రహం మీది టామ్స్ పరికరం 1978 నుంచి 1993 దాకా ఓజోన్‌ను కొలిచింది. 180 డాబ్సన్ యూనిట్ల కన్నా తక్కువ వచ్చిన కొలతలను దాని సాఫ్ట్‌వేర్ అనుమానాస్పదమని గుర్తు పెట్టేది. అంత తక్కువ అంతకుముందు ఎవరూ చూడలేదు. 1985 మేలో బ్రిటిష్ శాస్త్రవేత్తలు ఫార్మన్, గార్డినర్, షాంక్లిన్ అంటార్కిటికా నేల మీది కొలతలతో ఓజోన్ తరిగిపోతోందని నేచర్ పత్రికలో ప్రకటించారు. నాసా దగ్గర ఆ కొలతలు గుర్తుతో సహా భద్రంగా ఉన్నాయి కాబట్టి, మొత్తం అంటార్కిటికా మీద ఆ రంధ్రం ఎంత మేర ఉందో చూపించగలిగింది. 1986లో ఆ ఫలితాలు ప్రచురించింది. హద్దు దాటిన విలువ ఒక్కోసారి తప్పు కాదు, కొత్త నిజం. గుర్తు పెట్టి ఉంచారు గనుక తర్వాత పనికొచ్చింది.

ఇక గుర్తు పెట్టినవాటిని చూసే మనిషి కావాలి. రోజూ రెండు వందల హెచ్చరికలు ఫోన్‌కు వస్తే వారం తిరిగేసరికి ఎవరూ తెరిచి చూడరు. కొత్త రైతుల ఆలస్యం లాంటి మామూలు అనాథలకు ఒక వారం గడువిచ్చి, దాటినవాటినే చెప్పాలి. ఖాళీ వెన్న శాతం మాత్రం ఆ రాత్రే చెప్పాలి, ఎందుకంటే తెల్లారేసరికి కేంద్రంలో ఆ పూట సంగతి ఇంకా గుర్తుంటుంది.

4182 లోడ్‌లో ఒక ఖాళీ దొరికిందనుకుందాం. ఉదయం ఎనిమిదింటికి డెయిరీ ఆఫీసులో లెక్కలు చూసే అమ్మాయి కేంద్రానికి ఫోన్ చేస్తుంది.

“కార్యదర్శి గారూ, నిన్న సాయంత్రం పూట 0417 గారి పాలు 5 కిలోలు పడ్డాయండి, వెన్న పడలేదు. ఒకసారి చూస్తారా?”

“అవునమ్మా, తీగ ఊడింది. చేత్తో రాసిచ్చాం. ఉండు, పుస్తకం తీస్తా... ఆరున్నర.”

“ఆరున్నర అంటే ఆరు పాయింట్ అయిదే కదండీ?”

“అదే తల్లీ. చీటీ నకలు ఫోటో పంపిస్తా.”

ఆమె వేరే పట్టికలోని వరుసలో తన చేత్తో అంకె కొట్టదు. కేంద్రం కంప్యూటర్‌లోనే దిద్దించి, సరిచేసిన ఫైలు మళ్లీ పంపమంటుంది. ఆ రాత్రి 4183 లోడ్‌లో ఆ వరుస మళ్లీ వస్తుంది, నాలుగు చెక్‌లూ దాటుతుంది, పాత వరుస పక్కన దిద్దిన తేదీ పడుతుంది. పక్షం ముగిసేసరికి 0417 రైతు బిల్లులో 30 పూటలూ ఉంటాయి, ఆ సాయంత్రపు 260 రూపాయలతో సహా.